బసంత కాదు, వసంత

ఒడిశాలోని పర్లాకిమిడిలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని తన విశ్వవిద్యాలయ పరీక్షల నియంత్రణాధికారికి రాసిన లేఖ నకలు ఈ వారం మా పత్రిక కార్యాలయానికి చేరింది. ఐదో సెమిస్టర్ హాల్ టికెట్‌లో ఆమె పేరు తప్పుగా పడింది. సోమవారం నుంచి పరీక్షలు. ఆమె కోరిక మీద అసలు పేరు మార్చి ఇక్కడ వసంత అంటున్నాం గానీ, పొరపాటు మాత్రం సరిగ్గా ఇలాంటిదే. పదో తరగతి ధ్రువపత్రంలో VASANTHA అని ఉన్నది హాల్ టికెట్‌లో BASANTA అయింది.

తెలుగు రాష్ట్రాల్లోని పాఠకులకు ఇది టైపు చేసినవారి చేతి పొరపాటులా కనిపించవచ్చు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాలకు దీని వేరు ఎక్కడుందో తెలుసు. మన వకారం ఒడియా నోట సాధారణంగా బకారం అవుతుంది. రాసేటప్పుడూ ఒకే దారి లేదు. వెంకట అనే పేరును ఒకరు బకారంతో రాస్తారు, ఒకరు భకారంతో రాస్తారు, ఇంకొకరు వకారం కోసం ఉన్న ప్రత్యేక అక్షరం వాడతారు. బడి రిజిస్టరులో ఒడియాలో ఉన్న ఆ పేరును ఇంకెవరో ఇంగ్లీషులోకి ఎక్కించినప్పుడు అది B గానో V గానో తేలుతుంది. పైగా తకారాన్ని మనం TH అని రాస్తాం, వారు T అని రాస్తారు. మన స్వాతి SWATHI అయితే, పక్క బెంచీలోని ఒడియా స్వాతి SWATI. ఇందులో ఎవరి పద్ధతీ తప్పు కాదు. ఒకరి పేరును మరొకరి పద్ధతిలోకి వారిని అడగకుండా మార్చడమే తప్పు.

వసంత విషయంలో అది ఇంకో మలుపు తిరిగింది. ఒడియాలో బసంత ఎక్కువగా మగపిల్లలకు పెట్టే పేరు. పరీక్ష హాలులో ఇన్విజిలేటర్ ముందుగా పేరు చదివి, తర్వాత ఫొటో చూసి, ఆ తర్వాత అమ్మాయి ముఖం చూస్తారు. ఆ కొద్ది క్షణాల తటపటాయింపు ఆమెకు మూడో సెమిస్టర్‌లోనే ఎదురైందట. అప్పుడు నవ్వి ఊరుకుంది. నవ్వి ఊరుకోవలసిన విషయం కాదని ఇప్పుడు తెలిసింది.

ఆమె మొదట రాసిన లేఖను నియంత్రణాధికారి కార్యాలయం వెనక్కి పంపింది. ఆ ప్రతి కూడా మేము చూశాం. పేజీన్నర ఉంది. తండ్రి జీడిపప్పు కర్మాగారంలో కూలీ అని, ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినది తానొక్కతేనని, దయతలచి తన భవిష్యత్తును కాపాడాలని రాసింది. అన్నీ నిజాలే. కానీ రిజిస్ట్రేషన్ నంబరు లేదు. ఏ పేపరు ఏ తేదీన రాయాలో లేదు. సరైన పేరు ఏమిటో ఒక్కచోట కూడా అక్షరాలు విడదీసి చెప్పలేదు. మన పిల్లలకు అర్జీ అంటే వేడుకోలు అని నేర్పింది మనమే. కార్యాలయం చేసిన తప్పును సరిదిద్దమని అడగడానికి దయ అవసరం లేదు, ఆధారం కావాలి.

రెండో లేఖకు ముందు ఆమె ఒక మంచి పని చేసింది. ఐదు సెమిస్టర్ల హాల్ టికెట్లనూ నేల మీద వరసగా పరిచింది. మొదటి రెండింటిలో VASANTHA అనే ఉంది. మూడో దాని నుంచి BASANTA. రిజిస్ట్రేషన్ కార్డులో, పదో తరగతి ధ్రువపత్రంలో VASANTHA. అంటే విశ్వవిద్యాలయంలో నమోదైన పేరు సరిగ్గానే ఉంది, మూడో సెమిస్టర్ పరీక్ష ఫారం నింపినప్పుడు తప్పు దొర్లింది, ఆపైన ప్రతిసారీ ముందటి సెమిస్టర్ వివరాల నుంచే పేరు ఎత్తి రాసుకుంటూ వచ్చారు. ఇంత కాలం ఆమె ఎందుకు గమనించలేదంటే, హాల్ టికెట్ చేతికి రాగానే అందరూ చూసేది రోల్ నంబరు, పరీక్ష కేంద్రం, తేదీలు. తన పేరు తనకు తెలిసిందే కదా అని దాని మీద చూపు నిలవదు.

తప్పు ఎక్కడ పుట్టిందో తేల్చుకోవడమే ఈ వ్యవహారంలో అసలు మెట్టు. నమోదు సరిగ్గా ఉండి హాల్ టికెట్‌లో మాత్రమే తప్పు ఉంటే, దాన్ని సరిదిద్దే అధికారం పరీక్షల విభాగానిదే. రిజిస్ట్రేషన్‌లోనే తప్పు ఉంటే, హాల్ టికెట్‌ను ఎన్నిసార్లు దిద్దినా వచ్చే సెమిస్టర్‌లో పాత పేరే తిరిగి వస్తుంది. పదో తరగతి ధ్రువపత్రంలోనే BASANTA అని ఉంటే విశ్వవిద్యాలయం చేయగలిగింది ఏమీ లేదు. బడి రికార్డులతో, ప్రధానోపాధ్యాయుడి లేఖతో కటక్‌లోని మాధ్యమిక విద్యా బోర్డు దాకా వెళ్లవలసిందే. ఇక ధ్రువపత్రం సరిగ్గా ఉన్నా మనకే వేరే పేరు కావాలనిపిస్తే, అది సవరణ కాదు, పేరు మార్పు. దానికి అఫిడవిట్, గెజిట్ ప్రకటన వంటివి వేరే దారి. ఈ తేడా తెలియని గుమస్తా ఒకరు వసంతను కూడా అఫిడవిట్ తెమ్మన్నారు. నోటరీకి డబ్బు కట్టి ఆమె తెచ్చింది కూడా. పదో తరగతి ధ్రువపత్రంలో ఉన్న పేరునే అడుగుతున్నప్పుడు ప్రమాణం చేయవలసిన అవసరం ఆమెకు ఏముంది?

రెండో లేఖ అర పేజీ. ప్రిన్సిపాల్ ద్వారా నియంత్రణాధికారికి అని పైన ఉంది. విషయం ఒక్క వాక్యం. ఆ కింద రోల్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు, కళాశాల, సెమిస్టర్, మొదటి పరీక్ష తేదీ. తర్వాత రెండే వరసలు, పెద్ద అక్షరాల్లో:

హాల్ టికెట్‌లో ఉన్నది: G BASANTA
ఉండవలసినది: G VASANTHA

రిజిస్ట్రేషన్ కార్డులోనూ మొదటి రెండు సెమిస్టర్ల హాల్ టికెట్లలోనూ పేరు సరిగ్గా ఉన్నదని, తప్పు మూడో సెమిస్టర్ నుంచి మొదలైందని ఒక వాక్యం. జతపరచినవి ఐదు నకళ్లు, ప్రతి దాని మీదా ప్రిన్సిపాల్ ధ్రువీకరణ సంతకం. చివర మూడు కోరికలు వేరువేరుగా ఉన్నాయి. సవరణ పూర్తయ్యేలోపు పరీక్ష రాయనివ్వమని కేంద్రానికి రాతపూర్వకంగా తెలపాలి. పరీక్షల విభాగం కంప్యూటర్‌లో పేరును సరిదిద్దాలి. మూడు, నాలుగు సెమిస్టర్ల మార్కుల మెమోలు సరైన పేరుతో మళ్లీ ఇవ్వాలి. చాలామంది విద్యార్థులు మొదటి దానితో తృప్తిపడి పరీక్ష రాసి ఇంటికి వెళ్లిపోతారు. మూడో కోరిక రాయనివారికి అసలు కష్టం డిగ్రీ పట్టా చేతికొచ్చాక మొదలవుతుంది. ఈ పట్టా పట్టుకుని మన పిల్లలు శ్రీకాకుళం, విశాఖపట్నం ఉద్యోగాలకు వెళ్తారు. అక్కడ ధ్రువపత్రాలు పరిశీలించే ఉద్యోగికి వకారం బకారమయ్యే సంగతి తెలియదు. ఆయన దృష్టిలో అవి ఇద్దరు మనుషుల పేర్లు.

సవరణ అందకముందే పరీక్ష వచ్చేస్తే భయపడవద్దని కూడా ఈ సందర్భంగా విద్యార్థులకు చెప్పాలి. జవాబు పత్రాన్ని గుర్తించేది రోల్ నంబరుతోనే. మార్కులు దాని వెంటే నడుస్తాయి. హాల్ టికెట్ మీద పెన్నుతో B కొట్టేసి V అని మాత్రం రాయకండి. అధికారి సంతకం, ముద్ర లేని దిద్దుబాటు ఉన్న హాల్ టికెట్‌ను కేంద్రంలో అనుమానంగా చూస్తారు, తప్పు చేయని మనిషి సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. హాజరు పట్టికలో ఎప్పుడూ చేసే సంతకమే చేయండి. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, లేఖ అందినట్టు తేదీతో ముద్ర వేయించుకున్న నకలు వెంట ఉంచుకోండి. ముద్ర వేయించుకోని అర్జీ ఇచ్చినట్టు మీకు తప్ప ఎవరికీ గుర్తుండదు.

ఇక కార్యాలయం వైపు. తప్పు జరగడం మీద మాకు పెద్ద ఫిర్యాదు లేదు. వేల పేర్లు ఎక్కించేవారి చేతిలో ఒకటి జారుతుంది. నమోదైన పేరు కంప్యూటర్‌లో ఉండగా పరీక్ష ఫారం కోసం దాన్ని కొత్తగా టైపు చేయించడం మీదే మా అభ్యంతరం. రిజిస్ట్రేషన్ నంబరు కొట్టగానే నమోదులోని పేరే రావాలి, దాన్ని మార్చే వీలు ఫారం నింపేవారికి ఉండకూడదు. అది కుదిరేలోపు, హాల్ టికెట్లు అచ్చుకాక ముందే పేర్ల పట్టికను కళాశాలలకు పంపి, ప్రతి విద్యార్థి తన పేరు ఎదుట సంతకం పెట్టే ఏర్పాటు చేయవచ్చు. బడి పిల్లల విషయంలో బోర్డుకు వెళ్లే విద్యార్థుల వివరాల పట్టిక, అంటే డిస్క్రిప్టివ్ రోల్ మీద ప్రధానోపాధ్యాయులు సంతకం పెడతారు. ఆ సంతకానికి ముందు ఒక గంట తరగతిలో కూర్చుని పేర్లు పైకి చదివితే, ఒడియా ఉపాధ్యాయుడు బసంత అన్నప్పుడు వెనక బెంచీ నుంచి వసంత అనే గొంతు వినిపిస్తుంది.

ఈ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి సవరల ఊళ్లు తిరిగి వారి భాష నేర్చుకున్నారు, ఆ ధ్వనులను తెలుగు లిపిలో ఉన్నవి ఉన్నట్టుగా పట్టుకోవడానికి ఏళ్ల తరబడి శ్రమించారు. అప్పటికి లిపి లేని భాష మాట్లాడేవారి పలుకును కూడా గౌరవంగా కాగితం మీదికి తెచ్చిన ఊరిది. 1936లో ఒడిశా రాష్ట్రంలో చేరిన తర్వాత ఇక్కడి తెలుగు పేర్లు ఇంకో లిపి దఫ్తరులోకి వెళ్లాయి. సరిహద్దు ఎటు గీసినా మనుషుల పేర్లు వారు పలికినట్టే ఉండాలని అడగడానికి మేము సంకోచించడం లేదు. ఈ మాట శ్రీకాకుళం జిల్లా బడుల్లో చదివే ఒడియా పిల్లల తరఫున కూడా అంటున్నాం. అక్కడి రిజిస్టర్లలో బసంతలు వసంతలైపోతే అదీ ఇంతే తప్పు.

వసంత లేఖ అందినట్టు కార్యాలయం ముద్ర వేసి ఇచ్చింది. పరీక్ష రాయనివ్వమని కేంద్రానికి కబురు కూడా వెళ్లినట్టు తెలిసింది, సంతోషం. కొత్త మెమోల కోసం మాత్రం సవరణ రుసుము కట్టమన్నారు. అది విద్యార్థి పొరపాటుకు పెట్టిన రుసుము. మూడో సెమిస్టర్ ఫారంలో తప్పు ఎవరి చేతి మీదుగా ఎక్కిందో పరీక్షల విభాగం తన రికార్డులో చూసుకుని, అది కార్యాలయానిదో కళాశాలదో అయితే ఆ అమ్మాయి దగ్గర రూపాయి తీసుకోకుండా, ఆరో సెమిస్టర్ ఫారాలు తెరిచేలోపే రెండు మెమోలూ ఇవ్వాలని కోరుతున్నాం.