కప్పు ఏ ఫ్రేమ్‌లో చేతులు మారుతుంది?

"క్యారెక్టర్ కప్పు తీసుకుని ఇంకొకరికి ఇచ్చే షాట్ చాలా ఈజీ. చెయ్యి తగిలిన ఫ్రేమ్‌లో `Child Of` ఆన్ చెయ్యండి, ఇచ్చే ఫ్రేమ్‌లో దాన్ని రెండో చేతికి మార్చండి. ఒక మంచి పట్టు పోజ్ సేవ్ చేసుకుంటే ప్రతి షాట్‌లో అదే వాడొచ్చు. వేళ్ళ దగ్గర చిన్న చిన్న తేడాలు ఎవరూ చూడరు."

3డి యానిమేషన్ నేర్చుకునేవాళ్ళకు ఇచ్చే ఈ సలహా ప్రకారం చేసిన షాట్లు చాలా సరిచేశాను. మొదట్లో నేనూ ఇలాగే చేసేవాణ్ణి. అందుకే ఒక్కో మాటా విడిగా తీసుకుని జవాబు రాస్తున్నాను. మాట్లాడుకోవడానికి ఒక షాట్ పెట్టుకుందాం. బల్ల ముందు తాతయ్య కూర్చున్నాడు. ఎదురుగా పిడి ఉన్న పింగాణీ కప్పులో వేడి టీ ఉంది. పక్కన మనవరాలు నిలబడి ఉంది. తాతయ్య కప్పు తీసి ఆమెకు అందిస్తాడు. సెకనుకు 24 ఫ్రేములు, సాఫ్ట్‌వేర్ బ్లెండర్.

మొదట, తగిలిన ఫ్రేమ్ సంగతి. వేలు తగలగానే కప్పు బరువు చేతికి వచ్చేయదు. ముందు వేళ్ళు నొక్కాలి. ఆ నొక్కుడు జారకుండా ఆపేంత పెరగాలి, పైకి లాగే బలం కప్పు బరువును దాటాలి. అప్పుడే కప్పు బల్లను వదులుతుంది. స్వీడన్‌కు చెందిన రోలాండ్ యోహాన్సన్, యోరాన్ వెస్ట్‌లింగ్ 1984లో అచ్చయిన పరిశోధనలో దీన్ని కొలిచి చూపించారు. బొటనవేలు, చూపుడువేలుతో ఒక వస్తువును ఎత్తేటప్పుడు నొక్కే బలం, ఎత్తే బలం రెండూ కలిసి పెరుగుతాయి. నొక్కే బలం ఎప్పుడూ జారిపోయే హద్దుకు కాస్త పైనే ఉంటుంది. వస్తువు కదలకపోయినా ఈ పని అంతా జరుగుతూనే ఉంటుంది.

మన షాట్‌లో దాన్ని ఇలా పరుస్తాను. తాతయ్య చూపు 5వ ఫ్రేమ్‌కే కప్పు మీద పడుతుంది. చెయ్యి 10లో బయల్దేరుతుంది. బొటనవేలు 24లో కప్పు అంచుకు తగులుతుంది, చూపుడువేలు 25లో, మధ్యవేలు 26లో. అన్ని వేళ్ళూ ఒకే ఫ్రేమ్‌లో ఆనితే చెయ్యి క్లిప్పులా కనిపిస్తుంది. 26 నుంచి 28 దాకా కప్పు కదలదు, కానీ చెయ్యి ఊరుకోదు. వేలి కొసలు ఉన్నచోటే ఉంటాయి, కణుపులు కొద్దిగా వంగుతాయి, మణికట్టు 27 నుంచే ఒక పిసరు పైకి లేస్తుంది. కప్పు 29లో బల్లను వదులుతుంది. చూసేవాళ్ళకి బరువు తెలిసేది ఈ మూడు ఫ్రేముల్లోనే. కప్పు ఖాళీగా ఉంటే ఒక ఫ్రేమ్ తగ్గిస్తాను, నిండు చెంబు అయితే రెండు మూడు పెంచుతాను.

24లోనే `Child Of` ఆన్ చేస్తే, అంటే కప్పును చేతికి కట్టేస్తే, ఏమవుతుంది? అప్పటికి చెయ్యి ఇంకా పూర్తిగా ఆగలేదు. దానిలో మిగిలిన వేగమంతా కప్పుకు అంటుకుంటుంది, కప్పు బల్ల మీద పక్కకు జరుగుతుంది. ప్లే చేసి చూస్తే ఏదో తేడాగా ఉందనిపిస్తుంది గానీ ఎక్కడో తెలియదు. 23 నుంచి 29 దాకా ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ కప్పు అడుగునే చూడండి, అప్పుడు పట్టుబడుతుంది.

తగలకముందు జరిగేది కూడా ఈ పట్టులో భాగమే. చెయ్యి దారిలో ఉండగానే వేళ్ళు కప్పు కన్నా వెడల్పుగా తెరుచుకుని, తర్వాత మూసుకుంటూ వస్తాయి. ఫ్రెంచ్ పరిశోధకుడు మార్క్ జెన్నెరో 1980ల మొదట్లో దీన్ని వివరంగా గమనించాడు. వేళ్ళు బాగా తెరుచుకునేది దారిలో సుమారు మూడింట రెండు వంతుల దగ్గర. మన లెక్కలో అది 19వ ఫ్రేమ్. కప్పు నోరు 8 సెంటీమీటర్లు ఉంటే అక్కడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య 10 సెంటీమీటర్ల దాకా ఇస్తాను. కప్పు కొలతకే తెరిచి ఉంచిన చెయ్యి, ముందే అచ్చు పోసిన చెయ్యిలా కనిపిస్తుంది.

ఇక సేవ్ చేసుకున్న పట్టు పోజ్. దాన్ని మొదలుపెట్టడానికి వాడుకుంటే తప్పులేదు, నేనూ వాడతాను. ప్రతి షాట్‌లో అదే అంటించడం దగ్గరే ఇబ్బంది. మనిషి కప్పును ఎలా పట్టుకోవాలన్నది, ఆ తర్వాత దానితో ఏం చేయబోతున్నాడన్న దాన్ని బట్టి తేలుతుంది. బోర్లించి ఉన్న గ్లాసులో నీళ్ళు పోసుకోవాలంటే ముందే మణికట్టు తిప్పి, బొటనవేలు కిందికి పెట్టి ఎత్తుతాం. మొదట్లో అది ఇబ్బందైన పట్టే, కానీ గ్లాసు నిలబెట్టేసరికి చెయ్యి హాయిగా ఉంటుంది. డేవిడ్ రోజెన్‌బామ్ 1990లో ఒక కడ్డీతో ఇదే విషయాన్ని పరీక్షించి చూపించాడు. మనవాళ్ళ చాయ్ గ్లాసే చూడండి. దానికి పిడి ఉండదు, టీ కాలిపోతుంటుంది. అందుకే పై అంచు దగ్గర రెండు వేళ్ళ కొసలతో పట్టుకుంటాం. అదే గ్లాసులో చల్లటి మజ్జిగ ఉంటే అరచెయ్యి మొత్తం చుట్టేస్తాం. వస్తువు అదే, పట్టు వేరు.

మన తాతయ్య టీ తాగబోవడం లేదు, ఇవ్వబోతున్నాడు. తానే పిడి పట్టుకుంటే మనవరాలికి మిగిలేది కాలే కప్పు. అందుకని కప్పును పైనుంచి పట్టుకుంటాడు. బొటనవేలు అంచుకు ఒకవైపు, చూపుడువేలు, మధ్యవేలు ఎదురువైపు, టీ ఉన్న మట్టానికి పైన. తెచ్చే దారిలో మణికట్టు కాస్త తిప్పి పిడిని ఆమె వైపు చేస్తాడు. సేవ్ చేసుకున్న పిడి పట్టు ఇక్కడ ఎంత బాగున్నా తప్పే. పైగా అది తాతయ్య స్వభావాన్ని కూడా మార్చేస్తుంది, ఎదుటివాళ్ళ చెయ్యి కాలుతుందేమోనని ఆలోచించని మనిషిగా.

అందించే చోట ఈ సలహా అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. ఒక ఫ్రేమ్‌లో తాతయ్యది, తర్వాతి ఫ్రేమ్‌లో మనవరాలిది, అలా ఏ కప్పూ చేతులు మారదు. మధ్యలో కొంతసేపు అది ఇద్దరిదీ. ఇచ్చే మనిషి, తన వేళ్ళ మీద బరువు తగ్గుతున్నట్టు తెలిసేకొద్దీ పట్టు వదులుతాడు. అవతలివాళ్ళు పట్టుకున్నారని కళ్ళకు కనిపించినంత మాత్రాన వదలడు, వేళ్ళకు తెలియాలి.

ఫ్రేముల్లో చెబితే, కప్పు 52లో ఇచ్చే చోటికి వచ్చి దాదాపు ఆగుతుంది. మనవరాలి వేళ్ళు 54లో పిడిని తాకుతాయి, 58కి పట్టు బిగుస్తుంది. 58 నుంచి 61 దాకా బరువు మారుతుంది. ఈ నాలుగు ఫ్రేముల్లో కప్పు రెండు మూడు మిల్లీమీటర్లు ఆమె వైపు దిగుతుంది, ఆమె ముంజేయి ఆ బరువుకు ఒదుగుతుంది. తాతయ్య మధ్యవేలు 60లో విడుతుంది, చూపుడువేలు 61లో, బొటనవేలు అన్నిటికన్నా ఆఖరున 63లో. వదలగానే ఆయన చెయ్యి వెంటనే వెనక్కి పోదు. బరువు తీరిన చెయ్యి కదా, ముందు కొద్దిగా పైకి తేలుతుంది. రెండు మూడు ఫ్రేములు వేళ్ళు తెరిచే ఉంటాయి, పడిపోతే పట్టుకోవాలన్నట్టు. కప్పు 65 తర్వాతే ఆమెతో వెళ్తుంది.

రిగ్గింగ్ వైపు చూసినా ఆ మార్పిడి పద్ధతికి ఒక చిక్కుంది. `Child Of`లో కట్టిన వస్తువు ఎగిరిపోకుండా ఉండటానికి `Set Inverse` నొక్కినప్పుడు, ఆ క్షణంలో చెయ్యి ఎక్కడుందో దాని లెక్క నిలిచిపోతుంది. నేనొక చిన్న స్టూడియోలో పనిచేస్తున్నప్పుడు ఇలాంటి షాట్ అయిపోయాక, ఇచ్చే చెయ్యిని మూడు ఫ్రేములు ముందుకు జరపమన్నారు. జరిపాను. కప్పు అందుకునే అమ్మాయి చేతికి జానెడు దూరంలో గాలిలో తేలుతూ రెండర్ అయింది. దాంతో చేతులు మారే భాగమంతా మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

అప్పటి నుంచి ఇలాంటి షాట్లలో కప్పును ఏ చేతికీ కట్టను. కప్పునే ముందు యానిమేట్ చేస్తాను. బల్ల మీద కదలకుండా ఉండటం, లేవడం, దారి, ఆగడం, చిన్న దిగుడు, మనవరాలి వైపు ప్రయాణం అన్నీ కప్పు మీదే కీఫ్రేములుగా పెడతాను. తర్వాత రెండు చేతులనూ మణికట్టు దగ్గర పట్టి నడిపే ఐకే కంట్రోలర్లకూ కప్పు లక్ష్యంగా `Child Of` ఇస్తాను. ఆ కట్టు ఎంత పనిచేయాలో చెప్పే `Influence` తాతయ్య చేతికి 24 నుంచి 63 దాకా 1, మనవరాలి చేతికి 54 నుంచి 1. ఆ ముందూ తర్వాతా 0. 0, 1 మారే చోట చెయ్యి ఎగరకుండా ఉండాలంటే, మారే ఫ్రేమ్‌కు ముందు ఫ్రేమ్‌లోనూ ఆ ఫ్రేమ్‌లోనూ చెయ్యి కనిపించే స్థానాన్నే కీ చేయాలి, `Influence` కర్వ్‌ను `Constant`లో ఉంచాలి. 27లో మణికట్టు లేవడం, ఆఖర్లో చెయ్యి తేలడం లాంటివి కంట్రోలర్ మీదే చిన్న కీఫ్రేములుగా చేర్చవచ్చు. కప్పు దారి మార్చమని ఎవరైనా అడిగితే రెండు చేతులూ దాని వెంటే వస్తాయి.

అయితే ఒక జాగ్రత్త. కప్పు చేతికీ, అదే చెయ్యి కప్పుకీ, రెండువైపులా కట్టకండి. ఒకదాని `Influence` 0లో ఉన్నా బ్లెండర్ దాన్ని చక్రంగానే లెక్కేసి కన్సోల్‌లో `Dependency cycle detected` అంటుంది, కప్పు ఒక ఫ్రేమ్ వెనకబడొచ్చు. ఈ పద్ధతికి హద్దులు కూడా ఉన్నాయి. కప్పును చెయ్యి అందనంత దూరం తీసుకెళ్తే మోచెయ్యి ఒక్కసారిగా నిటారై అదురుతుంది. క్యారెక్టర్ కప్పు పట్టుకుని గదంతా నడుస్తుంటే ఇది సరిపడదు. అక్కడ కప్పును చేతికి కట్టడమే మేలు. ఆ ఒక్క చోట ఆ సలహాతో నాకు పేచీ లేదు.

చివరిగా, ఎవరూ చూడరన్న మాట. కెమెరాకు కనిపించని వైపు వేళ్ళ గురించి అయితే ఒప్పుకుంటాను, అక్కడ నేనూ సమయం పెట్టను. వేలి మెత్త కప్పులోకి ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగినా ఫర్వాలేదు. నిజం చర్మం కూడా నొక్కుకుపోతుంది కాబట్టి, సందు ఉండటం కన్నా అదే బాగుంటుంది. కానీ పట్టుకుని ఉన్నంతసేపూ వేలి కొస కప్పు మీద పాకుతూ ఉంటే దాన్ని ఎవరైనా చూస్తారు. కారణం చెప్పలేకపోయినా కప్పు సబ్బులా జారుతోందని వాళ్ళకు అనిపిస్తుంది. దగ్గరి షాట్ అయితే కంటి అంచనాకు వదిలేయకుండా బ్లెండర్‌లో ఈ స్క్రిప్ట్‌తో కొలుస్తాను:

```python
import bpy
s = bpy.context.scene
cup = bpy.data.objects["cup"]
rig = bpy.data.objects["thatha"]
for f in range(26, 60):
    s.frame_set(f)
    tip = rig.matrix_world @ rig.pose.bones["thumb.03.R"].tail
    p = cup.matrix_world.inverted() @ tip
    print(f, [round(v * 1000, 1) for v in p])
```

బోన్ పేరు మీ రిగ్‌లో ఉన్నట్టు మార్చుకోండి. కప్పు స్కేల్ 1గా ఉండి, సీన్ మీటర్లలో ఉంటే, బొటనవేలి కొస కప్పు లెక్కలో ఎక్కడుందో మిల్లీమీటర్లలో అచ్చవుతుంది. బోన్ వేలి మధ్యలో ఉంటుంది కాబట్టి అంకె ఎంత అన్నది ముఖ్యం కాదు, అది మారుతోందా లేదా అన్నదే చూడాలి. 26 నుంచి 59 దాకా అర మిల్లీమీటరు లోపు తేడా ఉంటే వదిలేస్తాను. 27, 28 దగ్గర మాత్రమే ఎగిరితే, మణికట్టు లేపినప్పుడు కణుపులు తగినంత వంచలేదన్నమాట. షాట్ పొడవునా మెల్లగా పెరుగుతూ పోతే వేళ్ళ మీద ఎక్కడో పాత కీ మిగిలిపోయింది. దాన్ని తీసేసి మళ్ళీ ఒకసారి ప్రింట్ చేసి చూస్తాను.