ఒక మెట్టు కిందికి రమ్మన్నప్పుడు

గత నెల ఒక రిక్రూటర్ సందేశం పంపారు: "మీ అనుభవానికి మా సీనియర్ ఇంజినీర్ పోస్టు సరిగ్గా సరిపోతుంది." నేను మూడేళ్లుగా స్టాఫ్ ఇంజినీర్‌ని. ఎప్పుడో దాటి వచ్చిన మెట్టు మీదికి మళ్లీ రమ్మంటున్నారు. జీతం మాత్రం ఇప్పటికంటే 20 శాతం ఎక్కువట. కోపం వచ్చింది. అందుకే ఆ రాత్రి జవాబు రాయలేదు.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ స్నేహితులను అడిగితే రెండే సలహాలు వస్తాయి. "హోదాను నాకుతామా, డబ్బు చూసుకో" అనేవారు కొందరు. "అది అవమానం, జవాబే ఇవ్వకు" అనేవారు మరికొందరు. రెండూ తప్పేనని గట్టిగా చెబుతాను. ఆ పోస్టులో చేయాల్సిన పని ఎంత పెద్దదో ఎవరూ అడగడం లేదు.

ముందు పేర్ల సంగతి. గూగుల్‌లో ఎల్6 అనే లెవెల్ అంటే స్టాఫ్ ఇంజినీర్. అమెజాన్‌లో అదే ఎల్6 అంటే సీనియర్ ఇంజినీర్. అంకె ఒకటే, పేర్లు వేరు. చిన్న స్టార్టప్‌లో ముగ్గురున్న టీమ్‌కు పెద్దను 'హెడ్' అంటారు. పెద్ద కంపెనీ అతన్ని సీనియర్‌గా తీసుకున్నా అది కిందికి దిగడం కాకపోవచ్చు. కాబట్టి పేరు చూసి వెంటనే కాదనడం తొందరపాటు.

మర్నాడు నేను రాసిన జవాబు సారాంశం ఇది: "సంప్రదించినందుకు ధన్యవాదాలు. ప్రస్తుతం నేను నాలుగు టీమ్‌లు వాడే చెల్లింపుల సరిపోలిక వ్యవస్థకు బాధ్యుణ్ణి. దాని డిజైన్‌పై తుది నిర్ణయం నాదే. మీ పోస్టు మీ కంపెనీలో ఏ లెవెల్? ఆ లెవెల్ జీతం ఎంత నుంచి ఎంత వరకు ఉంటుంది? మొదటి ఏడాది ఈ వ్యక్తి ఏ సమస్యను పరిష్కరించాలి, ఆ పనిపై ఎన్ని టీమ్‌లు ఆధారపడతాయి? పరిధి నా ఇప్పటి పనికి సమానమైతే, పై లెవెల్‌కే ఇంటర్వ్యూ పెట్టడం వీలవుతుందా?"

ఈ చివరి ప్రశ్న ఇంటర్వ్యూకు ముందే అడగాలి. లెవెల్‌ను బట్టే ప్రశ్నలు తయారవుతాయి. పై లెవెల్‌కు హాజరైన వారికి ఒక మెట్టు తగ్గించి ఆఫర్ ఇవ్వడం మామూలే. కింది లెవెల్‌కు హాజరైన వారిని పైకి తీసుకోవడం అరుదు. వారు ఎంత పెద్ద వ్యవస్థను డిజైన్ చేయగలరో పరీక్షించిన రౌండే ఉండదు కదా.

ఇక ఆ 20 శాతం. నాకిప్పుడు 48 లక్షలు, వారు ఇస్తామన్నది సుమారు 58. రిక్రూటర్ చెప్పిన ప్రకారం ఆ లెవెల్ పరిమితి 60 లక్షలు. అంటే చేరిన రోజే నేను పైకప్పు కింద నిలబడతాను. పరిమితికి దగ్గరైన వారికి చాలా కంపెనీలు ఏటా ఇచ్చే పెంపు తగ్గిస్తాయి. అక్కడి నుంచి ముందుకు వెళ్లాలంటే ప్రమోషన్ ఒక్కటే దారి. ప్రమోషన్ కావాలంటే పై స్థాయి పని కొంతకాలం చేసి చూపించాలి. టీమ్‌లో ఆ స్థాయి పనే లేకపోతే ఏం చూపిస్తాం? "ఏడాదిలో ప్రమోషన్ ఇప్పిస్తాం" అనే మాట కూడా ఆ రిక్రూటర్ అన్నారు. ఆఫర్ లెటర్‌లో లేని మాటను, రిక్రూటరో మేనేజరో మారిపోయాక ఎవరు నిలబెడతారు? మా టీమ్‌లోనే ఒకరు అలా నమ్మి చేరి మూడేళ్లు ఎదురుచూశారు. ఆయన ముఖం గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మూడో రోజు ఆ టీమ్ మేనేజర్ నాతో అరగంట మాట్లాడారు. "గత ఆరు నెలల్లో మీ టీమ్ తీసుకున్న పెద్ద డిజైన్ నిర్ణయం ఏది, దాన్ని ఎవరు తీసుకున్నారు?" అని అడిగాను. తేలింది ఇది: ఏడుగురి టీమ్, రీఫండ్ల సేవ ఒక్కటే వారిది, డిజైన్ నిర్ణయాలు అమెరికాలోని ఆర్కిటెక్ట్‌వి. "మీరు ఆశించే పని ఈ టీమ్‌లో లేదండీ" అని ఆయనే నిజాయితీగా చెప్పారు. నాకు ఆయనపై గౌరవం పెరిగింది.

నేను పూర్తిగా కొత్త రంగంలోకి, అంటే చెల్లింపులు వదిలి చిప్‌ల వైపో మరో దానివైపో వెళ్తుంటే ఒక మెట్టు దిగడానికి సందేహించను. అక్కడ నేర్చుకోవాల్సింది నేనే. తెలిసిన రంగంలో, ఇంతకంటే చిన్న పనికి మాత్రం దిగను.

రిక్రూటర్‌కు కారణం రెండు వాక్యాల్లో రాసి, నా పరిధికి తగిన పోస్టు వస్తే తప్పక చెప్పమన్నాను. ఆవిడ గత వారం మరో టీమ్ గురించి రాశారు. ఈసారి లెవెల్, జీతం పరిమితి మొదటి సందేశంలోనే ఉన్నాయి. ఇంటర్వ్యూ వచ్చే గురువారం. అందులో డిజైన్ రౌండ్లు రెండు.