20 మందిని పిలిస్తే 20 మందికీ మందు కొనకండి

ఇంట్లో పార్టీ అనగానే ఎవడో ఒకడు "తక్కువైతే పరువు పోతుందిరా, ఇంకో రెండు ఫుల్లు పట్రా" అంటాడు. పోయిన ఏడాది హైదరాబాద్‌లో నా పుట్టినరోజుకి ఆ మాట విని 20 మందికి ఐదు ఫుల్లు, రెండు కేసుల బీరు, ఆరు వైన్ బాటిళ్లు మోసుకొచ్చాను. తెల్లారి చూస్తే మూడు ఫుల్లు సీలు కూడా తీయలేదు, ఐస్ మాత్రం రాత్రి తొమ్మిదింటికే ఖాళీ!

అసలు ముందు లెక్కపెట్టాల్సింది వచ్చేవాళ్లని కాదు, తాగేవాళ్లని. ఆ 20 మందిలో ఆరుగురు ముట్టరు, మిగిలిన 14 మందిలో ఎనిమిది మంది విస్కీ, నలుగురు బీరు, ఇద్దరు వైన్. ఇది ఫోన్ చేసి పిలిచేటప్పుడే అడగొచ్చు, అందులో మొహమాటం దేనికి?

ఇక టైము. ఇంటర్నెట్‌లో "మొదటి గంటకు రెండు డ్రింకులు, తర్వాత గంటకొకటి" అని ఉంటుంది, అలా చూస్తే ఐదు గంటలకి ఆరు. కానీ వాళ్ల డ్రింకు 45 ఎంఎల్ లోపే, మనం పోసే లార్జ్ 60. పైగా మన ఇళ్లలో బిర్యానీ గిన్నె మూత తీశారంటే తాగుడు దాదాపు ఆగిపోయినట్టే. ఏడింటికి మొదలై పదిన్నరకి భోజనాలంటే తాగేది మూడున్నర గంటలే, పార్టీ పన్నెండు దాకా సాగినా సరే. అందుకే నా లెక్క విస్కీ మనిషికో క్వార్టర్, అంటే 180 ఎంఎల్, మూడు లార్జ్‌లు. ఎనిమిది మందికి 1440, రెండు ఫుల్లు అంటే 1500. సరిపోయింది కదా. గట్టిగా తాగేవాళ్లు ఇద్దరుంటే ఇంకోటి తెచ్చి లోపల పెట్టుకోండి, సీలు తీయకపోతే ఏళ్లయినా పాడవదు.

బీరు 650 ఎంఎల్ బాటిళ్లు మనిషికి రెండున్నర, నలుగురికి పది. విస్కీ వాళ్లలో "ముందు ఒక బీరు వేద్దాం" అనేవాళ్లు ఉంటారు కాబట్టి 12 బాటిళ్ల కేసు ఒకటి చాలు. స్ట్రాంగ్ బీరైతే మనిషికి రెండే, మూడోది అడిగాడంటే వాడిని ఇంటికి దింపే పని మీదే. వైన్ బాటిల్‌కి ఐదు గ్లాసులు, ఇద్దరికీ చెరో మూడంటే ఆరు గ్లాసులు, రెండు బాటిళ్లు. మూడోది వద్దు, మూత తీశాక మూడు నాలుగు రోజులకే పుల్లబడుతుంది. (మన ఊళ్లో వైన్స్ అని బోర్డు పెట్టి విస్కీ అమ్ముతారు, అది వేరే సంగతి.)

డబ్బులు మిగిలితే ఐస్ కొనండి. తాగేవాడికి అర కిలో చొప్పున ఏడు కిలోలు గ్లాసుల్లోకే. బీరు చల్లబడటానికి టబ్బులో ఐస్, నీళ్లు, గుప్పెడు రాళ్ల ఉప్పు వేస్తే అరగంట చాలు, ఆ ఐస్ వేరే తెచ్చుకోవాలి. నేను రెండింటికీ కలిపి ఐదు కిలోలు తెచ్చాను, అక్కడే దెబ్బతిన్నాను.