నిమిషానికి ముప్పై రూపాయలు, నమూనా మాత్రం ఉచితం

నిన్న రాత్రి తొమ్మిది గంటలకు నాకొక సందేశం వచ్చింది. ఫ్రీలాన్స్ సబ్‌టైట్లర్ కావలెను, భాషలు తెలుగు–ఇంగ్లీషు, నిమిషానికి 30 రూపాయలు, ముందుగా పది నిమిషాల నమూనా పరీక్ష ఉంటుంది, అది రేపు ఉదయానికల్లా అందాలి. చివర ఒక నవ్వు ముఖం కూడా ఉంది. ఆ నవ్వు ఎవరిని చూసి నవ్విందో తెల్లవారాక గాని నాకు అర్థం కాలేదు.

తెలుగు నుంచి ఇంగ్లీషులోకా, ఇంగ్లీషు నుంచి తెలుగులోకా అన్నది ఆ సందేశంలో లేదు. ఈ రెండూ వేర్వేరు పనులని, ఒకటి బాగా చేసేవారు రెండవది చేయలేకపోవచ్చునని, పని ఇచ్చేవారికే తెలియకపోతే మనం ఎవరితో మొర పెట్టుకోవాలి? అడిగితే ఇంగ్లీషులోకి అన్నారు. టైమింగ్ వేసిన ఫైలు ఇస్తారా, లేక ప్రతి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మేమే గుర్తించుకోవాలా అని అడిగాను. "అది కూడా మీరే చూసుకోండి మేడమ్, చిన్న పనే కదా" అన్నారు.

ఆ చిన్న పని ఎంతో చెబుతాను. నిమిషం అంటే తెర మీద నడిచే నిమిషమే తప్ప మనం కుర్చీలో కూర్చున్న నిమిషం కాదు. టైమింగ్, అనువాదం, చివర ఒకసారి మొత్తం చూసుకోవడం కలిపితే నాకు తెర మీది ఒక్కో నిమిషానికి దాదాపు పన్నెండు నిమిషాలు పడుతుంది. వారి సినిమా 140 నిమిషాలు, అంటే 28 గంటల పని. వచ్చేది 4,200 రూపాయలు, గంటకు 150. అందులోనూ మాటలు లేని భాగాలను లెక్కలోంచి తీసివేస్తారట. పాటలకు అర్థం మాత్రం రాయాలట, అవి లెక్కలోకి రావట!

పైగా ఈ పని అంటే వింటూ టైపు చేసుకుంటూ పోవడమని వారి ఉద్దేశం. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో సాధారణంగా వరుసకు 42 అక్షరాలకు మించకుండా, రెండు వరుసలు దాటకుండా, ప్రేక్షకుడు సెకనుకు 17 అక్షరాలకు మించి చదవనక్కరలేకుండా చూసుకుంటాం. ఇప్పుడు మన పాత్ర అర సెకనులో "వదినా" అని పిలిచి వెళ్లిపోతుంది. దానికి ఇంగ్లీషులో సిస్టర్-ఇన్-లా అని రాస్తే అడ్డగీతలతో కలిపి 13 అక్షరాలు, చదవడానికి ముప్పావు సెకను. అన్న భార్య కావచ్చు, భార్యకు అక్క కావచ్చు, ఆ మాట ఏదీ తేల్చదు. పోనీ పేరు పెట్టి రాద్దామంటే వదినను పేరు పెట్టి పిలిచే మరిది మన ఇళ్లలో ఎక్కడున్నాడు? ఆ పిలుపును పూర్తిగా వదిలేసి, ఆ గౌరవాన్ని పక్క వాక్యంలో దాచిపెట్టాలి. చిన్న పనే కదా.

నమూనా పరీక్షకు నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. మర్యాదగల చోట రెండు మూడు నిమిషాల ముక్క ఇస్తారు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడుకునే కష్టమైన సన్నివేశాన్ని ఎంచి, అందరికీ అదే ఇస్తారు, ఎందుకంటే పోల్చి చూడాలంటే ముక్క ఒకటే అయి ఉండాలి. మూడేళ్ల క్రితం మరొకచోట ఇలాగే పదిహేను నిమిషాల "నమూనా" రాసి పంపి, ఎంపిక కాలేదన్న ఒక్క ముక్క జవాబు కోసం నెలన్నర ఎదురుచూసిన దానిని కాబట్టి, ఈసారైనా నాకు బుద్ధి రావలసింది. రాలేదు. తెల్లవారుజామున మూడింటి వరకు కూర్చుని రాశాను.

నా క్లిప్పు మీద కాలం 00:40:00 దగ్గర మొదలై 00:50:00 దగ్గర ఆగింది. సన్నివేశం ముగిసి కాదు, వాక్యం మధ్యలో. తండ్రి కొడుకుతో "నీకోసమని నేను మన ఇంటిని" అంటుండగా తెర నల్లబడింది. అనువాదంలో క్రియ లేని వాక్యాన్ని ఎలా ముగించాలో తెలియక అరగంట కొట్టుకున్నాను.

ఉదయం ఇదే పని చేసే నా చెల్లెలి వరస అమ్మాయి ఫోను చేసి, "అక్కా, నాకొక వింత క్లిప్పు ఇచ్చారు, మొదటి మాటే అర్థం కావడం లేదు" అంది. చదవమన్నాను. కాలం 00:50:00, మొదటి మాట "అమ్మేశానురా."

పదేసి నిమిషాల చొప్పున పద్నాలుగు మందికి ఇస్తే 140 నిమిషాలు పూర్తవుతాయి. ఆ 4,200 కూడా మిగులుతాయి. నా ఫైలు అప్పటికే పంపేశాను. ఆ అమ్మాయి మాత్రం ఆపేసింది. కాబట్టి ఆ తండ్రి ఇంటిని ఏం చేశాడో ఇంగ్లీషు ప్రేక్షకులకు తెలియాలంటే, వారు ఈ రాత్రి తొమ్మిది గంటలకు మరొకరికి నవ్వు ముఖం పంపుకోవాలి.