కనిపించని చుక్కకు జరుగుతున్న అన్యాయం

పెళ్లికి వచ్చే ప్రతి అతిథికీ తాంబూలంతో పాటు ఒక పదిరెట్ల భూతద్దం కూడా ఇవ్వాలని నేను చాలా గంభీరంగా ప్రతిపాదిస్తున్నాను. నగల వ్యాపారులు లూప్ అంటారే, అది. కారణం వింటే మీరూ కాదనరు.

ఒక తండ్రి కూతురి ఉంగరానికి ఒక క్యారెట్ గుండ్రటి వజ్రం కొనబోయాడనుకుందాం. రంగు, కోత, బరువు అన్నీ సమానమైన రెండు రాళ్లు ఎదుట పెట్టారు. తేడా అల్లా లోపలి స్వచ్ఛతకు ఇచ్చే గ్రేడులోనే: ఒకటి వీఎస్-2, ఇంకొకటి అంతకంటే పై మెట్టైన వీవీఎస్-1. రెండోదానికి లక్ష రూపాయలు అదనంగా అడిగినా బజారులో ఎవరూ నోరు వెళ్లబెట్టరు. మొదటి రాయిలో లూప్ పెట్టి కాస్త వెతికితే ఒక బుల్లి స్ఫటికమో, వెంట్రుకంత పగులో దొరుకుతుంది. రెండోదాంట్లో అనుభవజ్ఞుడికి కూడా అది గగనకుసుమమే. చాలాసార్లు రాయిని బోర్లించి అడుగు వైపు నుంచి చూస్తే తప్ప ఆ సూదిమొన చుక్క చిక్కదు. లూప్ పక్కన పెట్టేస్తే రెండు రాళ్లనూ వేరు చేయగల మొనగాడు లేడు. తండ్రి మాత్రం వీవీఎస్-1 కొన్నాడు. పరువు కదా!

ఇంత ఖర్చు పెట్టి కొన్న స్వచ్ఛతను మండపంలో ఒక్కరూ చూడకపోవడం అన్యాయం కాదా? అందుకే భూతద్దాలు. అయితే ఇది దూరం నుంచి ఊపి చూసే వస్తువు కాదు. పదిరెట్లు పెద్దది చేసే కటకం రాయికి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, కన్ను ఆ కటకానికి ఆనుకుని ఉండాలి. అంటే వియ్యపురాలు తన ముక్కును పెళ్లికూతురి వేలికి దాదాపు తాకించాలి. పైగా రాయిని అడుగు నుంచి కూడా చూడాలి గనుక ఉంగరం నుంచి ఊడదీయక తప్పదు. ముహూర్తం దాటకుండా వరుసలో నిలబెట్టే బాధ్యత పురోహితులు తీసుకోవాలి.

ఈ పదిరెట్ల నియమం ఎక్కడిదంటారా? రత్నాలను పరీక్షించి గ్రేడు ఇచ్చే అమెరికా సంస్థ జీఐఏ 1950లలో స్థిరపరిచిన కొలమానమది. మచ్చే లేని ఎఫ్‌ఎల్ నుంచి మచ్చలు కొట్టొచ్చినట్టు కనిపించే ఐ-3 దాకా పదకొండు మెట్లు. మచ్చ ఎంత పెద్దది, ఎన్ని, ఎక్కడ ఉంది, ఏ రకం, ఎంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది అన్నవి చూసి మెట్టు నిర్ణయిస్తారు. తప్పేమీ లేదు, మంచి శాస్త్రమే. కాకపోతే అది మచ్చల శాస్త్రం, అందం శాస్త్రం కాదు. మెరుపు పుట్టేది కోతలో. ముఖాల కోణాలు సరిగ్గా లేకపోతే లోపల చుక్క లేని వజ్రం కూడా లోపలికెళ్లిన వెలుగును అడుగు నుంచి జారవిడిచి గాజుపెంకులా నిర్జీవంగా పడి ఉంటుంది.

మచ్చలు అందానికి అడ్డొచ్చే సందర్భాలు లేకపోలేదు. నల్లటి స్ఫటికం పైనున్న చదునైన ముఖానికి సరిగ్గా కింద కూర్చుంటే అడుగు ముఖాల్లో ప్రతిబింబించి ఒకటి కాస్తా నాలుగైదుగా కనిపిస్తుంది. అదే స్ఫటికం అంచున ఉంటే బంగారు కొక్కెం కింద దాగిపోతుంది. సన్నని చుక్కలన్నీ మబ్బులా గుమిగూడితే ఇంకా ప్రమాదం. విడివిడిగా ఏదీ కంటికి ఆనదు, రాయి మొత్తం మాత్రం పాలు కలిపిన నీళ్లలా మసకబారుతుంది. సర్టిఫికెట్‌లో మచ్చల చోటు చూపే బొమ్మలో ఎర్ర గీతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి మురిసిపోయేవారు, ఆ కింద చిన్న అక్షరాల్లో 'బొమ్మలో చూపని మబ్బుల ఆధారంగానే ఈ గ్రేడు ఇచ్చాం' అన్న అర్థం వచ్చే వాక్యం ఉందేమో కూడా చూసుకోవాలి. వీఎస్ కంటే కింది మెట్టైన ఎస్‌ఐ రాయి సర్టిఫికెట్‌లో అది కనిపిస్తే కొనేముందు పగటి వెలుగులో పెట్టి చూడడం మేలు.

ఇక వజ్రానికి జిడ్డంటే మహా ప్రీతి. గనుల్లో ఒకప్పుడు గ్రీజు పూసిన బల్లల మీదుగా కంకరను నీళ్లతో పారిస్తే, మామూలు రాళ్లు జారిపోయి వజ్రాలు అంటుకునేవి. మన పెళ్లికూతురు వారం రోజులు అదే ఉంగరంతో తలకు నూనె రాసుకుని, నెయ్యి వడ్డించి, సబ్బుతో చేతులు కడుక్కుంటే రాయి అడుగున పొర కడుతుంది. లక్ష పోసి తప్పించుకున్న చుక్క చేయలేని మసకను ఆ పొర ఉచితంగా చేసి పెడుతుంది. గోరువెచ్చని నీళ్లు, కాస్త సబ్బు, మెత్తని బ్రష్షుతో అది పోతుంది గానీ, సర్టిఫికెట్‌లో రాయని దాన్ని పట్టించుకునేదెవరు?

చివరగా ఒక ఫిర్యాదు. పల్నాటి కొల్లూరు గనిదని భావించే నీలివజ్రాన్ని ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే 1668లో పద్నాలుగో లూయీకి అమ్మాడు. తర్వాత చేతులు మారి, మళ్లీ కోసుకుని, హోప్ వజ్రమై ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. 1988లో జీఐఏ నిపుణులు పరీక్షించి ఇచ్చిన గ్రేడు వీఎస్-1. వీవీఎస్ కూడా కాదు! మన మేనత్తలెవరైనా అక్కడ ఉండి ఉంటే సంబంధం అక్కడికక్కడే తిరగ్గొట్టేవారు. మ్యూజియంవారికి అభ్యంతరం ఉంటే రాయిని వాపసు ఇవ్వవచ్చు. అయితే అమ్మిన చోటు ఇప్పుడు పులిచింతల జలాశయంలో మునిగి ఉంది కాబట్టి, రసీదు పట్టుకుని వచ్చేటప్పుడు పడవ కూడా మాట్లాడుకుని రావాలని మనవి.