ముందువైపు ఎత్తు, వెనకవైపు తప్పించుకునే దారి

బడులు తెరవగానే హన్మకొండ, వరంగల్ మందుల షాపుల్లో గల్లా పక్కన మళ్లీ ఎత్తు పెంచుతామనే పొడి డబ్బాలే కనిపిస్తున్నాయి. ముందువైపు పొడుగాటి పిల్లాడి బొమ్మ, పక్కనే పైకి చూపే బాణం, ఆరు నెలల్లో తేడా కనిపిస్తుందన్న హామీ. డబ్బా తిప్పితే అడుగున కళ్లద్దాలు పెట్టుకున్నా ఆనని అక్షరాల్లో ‘ఔషధంగా వాడేందుకు కాదు’ అని ఉంటుంది. అమ్మేటప్పుడు ముందువైపు చూపిస్తారు, నిలదీస్తే వెనకవైపు చూపిస్తారు.

ఇది తెలియక రాసుకున్నది కాదు. పిల్లల, పెద్దల ఎత్తు పెంచుతామని ఏ మందూ చెప్పుకోకూడదని 1945 నాటి ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ జె చెబుతోంది. ఎత్తు పేరుతో మందుల ప్రకటనలను 1954 నాటి మందులు, మాయ చికిత్సల ప్రకటనల చట్టం కూడా నిషేధించింది. అయితే శరీర నిర్మాణాన్ని మార్చేందుకు వాడే వస్తువులను మందుల లెక్కలోకి తెచ్చినప్పుడు ఆ చట్టం ఆహారాన్ని పక్కన పెట్టింది. ఆ సందు దొరికింది కాబట్టే పొడికి ‘ఆహారం’ అని పేరు పెట్టారు. మందు అంటే నేరమయ్యే మాట, ఆహారం అనగానే వ్యాపారమైపోయింది.

ఆ పొడి పని చేయదని ఎందుకు అంటున్నాం? పొడవైన ఎముకల చివర్లలో మెత్తటి మృదులాస్థి పలకలు ఉంటాయి. ఎత్తు పెరిగేది అక్కడే. ఈడొచ్చాక ఈస్ట్రోజెన్ ప్రభావంతో, మగపిల్లల్లో కూడా, ఆ పలకలు మెల్లగా గట్టిపడి ఎముకలో కలిసిపోతాయి. అమ్మాయిల్లో చాలామందికి పద్నాలుగు పదిహేనేళ్లకు, అబ్బాయిల్లో పదహారు పదిహేడేళ్లకు ఆ పని దాదాపు ముగుస్తుంది. మూసుకున్న పలకను ఏ కాల్షియమూ, ఏ అశ్వగంధా తెరవలేదు. కానిస్టేబుల్ కొలతకు రెండు సెంటీమీటర్లు తగ్గిందని ఇరవై ఏళ్ల కుర్రాళ్లు కూడా ఇవే కొంటున్నారు. ఆ డబ్బు నేలపాలే.

పలకలు ఇంకా తెరిచి ఉన్న పిల్లల సంగతి? అసలు మోసం నడిచేది అక్కడే. పదమూడేళ్ల అబ్బాయి జూన్‌లో 148 సెంటీమీటర్లు ఉన్నాడనుకుందాం. పొడి మొదలుపెట్టారు, డిసెంబర్‌కు 152 దాటాడు. ఇల్లంతా సంబరం. కానీ ఆ ఈడులో అబ్బాయిలు ఏడాదికి తొమ్మిది పది సెంటీమీటర్లు పెరగడం మామూలే. పొడి తాగకపోయినా పెరిగేవాడే. పైగా మొదటిసారి సాయంత్రం, రెండోసారి పొద్దున కొలిస్తే, పగలంతా నిలబడి కుదించుకున్న వెన్ను రాత్రికి సర్దుకోవడంతోనే దాదాపు ఒక సెంటీమీటరు కలిసొస్తుంది. మంగోలియాలో ఎనిమిది వేలమందికి పైగా బడిపిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మూడేళ్లు విటమిన్ డి ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమందికి ముందు ఆ విటమిన్ లోటు ఉంది. లోటు తీరింది, ఎత్తులో మాత్రం తేడా రాలేదు.

పోషకాలేగా, తాగితే నష్టమేంటని వ్యాపారులు అంటారు. నష్టం ఆలస్యంలో ఉంది. నాలుగేళ్ల వయసు నుంచి ఈడొచ్చేదాకా పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరగాలి. నాలుగుకు తగ్గితే థైరాయిడ్ లోపమో, గ్రోత్ హార్మోన్ లోపమో, పేగు జబ్బో ఉందేమో పిల్లల డాక్టర్ చూడాలి. ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముక వయసు తెలుస్తుంది. పొడి మీద ఆశతో రెండేళ్లు గడిపితే, చికిత్సకు మిగిలిన సమయమే కరిగిపోతుంది.

ఎత్తులో పెద్ద వాటా తల్లిదండ్రులదే. తండ్రి 165, తల్లి 152 సెంటీమీటర్లయితే రెండూ కూడి, కొడుక్కి పదమూడు కలిపి, సగం చేస్తే 165 వస్తుంది. దానికి ఎనిమిది అటూ ఇటూ. మిగతాది కడుపులో ఉన్నప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా దొరికిన తిండిని, మాటిమాటికీ వచ్చే విరేచనాలను బట్టి చాలావరకు తేలిపోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. దానికి జవాబు అంగన్‌వాడీ గుడ్డులో, పాలలో, శుభ్రమైన నీళ్లలో ఉంది. ఆ గుడ్డు అందని ఊళ్లున్న జిల్లాల్లోనే ఈ డబ్బాలు అమ్ముడుపోతున్నాయి.

ఇది ఆహారం కాబట్టి మా పరిధి కాదని ఔషధ తనిఖీ శాఖ అంటుంది. అది ఎత్తు గురించిన హామీ కదా అని ఆహార భద్రత శాఖ అటు చూస్తుంది. తప్పుదోవ పట్టించే ఆహార ప్రకటనలకు పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని 2006 నాటి ఆహార భద్రత చట్టం రాసిపెట్టింది. డబ్బా ముందువైపు ఒక మాట, వెనకవైపు ఒక మాట కళ్లెదుటే ఉన్నాయి. అయ్యా, షాపుకెళ్లి డబ్బా తిప్పి చదవడానికి కూడా మీకు పై నుంచి ఉత్తర్వు రావాలా?