కట్ ఓవర్ అంటే ఓటీ కట్ కాదు

మా ప్లాంటులో తప్పుల్లేకుండా తెలుగు రాసేది నేనొక్కణ్ణేనని నా మీద ఎప్పట్నుంచో ఒక అపవాదు ఉంది. నేను అకౌంట్స్ మనిషిని. అయినా ఆయుధపూజ ఆహ్వానం దగ్గర్నుంచి బాత్రూం తలుపు మీద బోర్డు దాకా అన్నీ నా దగ్గరికే వస్తాయి. పోయిన నెలలో మేనేజరు గారు పిలిచి, "పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెడుతున్నాం. దానికి ముందు రెండు రోజులు ఎంట్రీలు ఆపాలంట. స్టాఫ్‌కి అర్థమయ్యేట్టు తెలుగులో ఒక నోటీసు కొట్టండి" అన్నారు. కొట్టాను. ఆ తర్వాత పది రోజులు అది నన్ను కొట్టింది.

ముందు మా సంగతి చెప్పాలి. మాది ముత్తుకూరు వైపు రొయ్యల ప్లాంటు. గుంటల నుంచి ఐసులో రొయ్య వస్తుంది, కాటా ఎక్కుతుంది, తల తీసి, పొట్టు తీసి, గడ్డ కట్టించి, మైనస్ 18 గదిలో పెట్టి, అక్కణ్ణుంచి కంటైనర్ ఎక్కిస్తాం. అంటే పొద్దున లేస్తే మేం చేసే పనే ఫ్రీజింగ్. అలాంటి చోట నేను అంటించిన కాగితం ఇది: "కొత్త సాఫ్ట్‌వేర్ కట్ఓవర్ సందర్భంగా శుక్రవారం రాత్రి 12 గంటల నుంచి సోమవారం ఉదయం 6 గంటల వరకు డేటా ఎంట్రీ ఫ్రీజ్ అమలులో ఉండును. లాక్ అయి ఉన్నచో పేపరు చీటీ మీద రాయవలెను. సందేహములున్నచో హెల్ప్ డెస్క్‌లో టికెట్ నమోదు చేయగలరు."

మూడే వాక్యాలు. మూడేళ్ళ ఆడిట్‌లో కూడా ఇన్ని తప్పులు దొరకలేదు నాకు.

అంటించిన అరగంటకి ఫ్రీజింగ్ సెక్షన్ మేస్త్రీ వచ్చాడు, చేతులకి రబ్బరు గ్లవ్స్ కూడా తియ్యకుండా. "అన్నా, ఈ డేటా ఎన్ని టన్నులొస్తాది? మాకు ముందే చెప్పాల గదన్నా. శుక్రవారం రాత్రికి ప్లేట్లన్నీ ఫుల్లు, ఖాళీ లేదు" అన్నాడు. అది గడ్డ కట్టే సరుకు కాదురా నాయనా అని చెప్పి పంపేలోగా ప్యాకింగ్ హాల్లోంచి ఆడవాళ్ళు మూకుమ్మడిగా మేనేజరు గది ముందు నిలబడ్డారు. నోటీసు చదివిపెట్టిన వాళ్ళెవరో "కట్ ఓవర్" అనే మాటని రెండు ముక్కలు చేసి, ఓవర్‌టైం కట్ అని అర్థం చెప్పారంట. పెద్దక్క ముందుకొచ్చింది. "ఏం సార్, మేం రాత్రి పదకొండు దాకా నిలబడేది ఊరికేనా? కాయితంలో అట్టా రాసినాడంట గదా ఆ అకౌంట్సాయన?" మేనేజరు గారు నా వైపు చూశారు. నేను నోటీసు వైపు చూశాను. ఇంగ్లీషు తెలిసిన వాళ్ళకి ఆ మాట కొత్త వ్యవస్థలోకి మారే ఘడియ. నెల జీతం తెలిసిన వాళ్ళకి అందులో కట్ ఒక్కటే కనిపిస్తుంది. తప్పు వాళ్ళది కాదు.

మూడో దెబ్బ కాటా దగ్గర కుర్రాడు కొట్టాడు. వాడు నెమ్మదస్తుడు. "సార్, హెల్ప్ డెస్క్ యాడుంటాది?" అన్నాడు. సాఫ్ట్‌వేర్‌లోనే ఎడమపక్క మెనూలో అన్నాను. "ఆ సాఫ్ట్‌వేర్‌కే గదా సార్ తాళం వేస్తా ఉండేది? తాళం పడినాక సందేహమొస్తే లోపలికెట్టా పోయి టికెట్ పెట్టేది?" అన్నాడు. బీరువా తాళంచెవిని బీరువాలో పెట్టి తాళం వేసినట్టయింది నా పని. ఆ వాక్యం కొట్టేసి, తొందరలో వేరే నంబరు దొరక్క, నా సొంత ఫోను నంబరు రాశాను. దీని ఫలం తర్వాత చెప్తాను.

ఇంతకీ ఎంట్రీలు ఎందుకు ఆపాలి అని అందరూ అడిగారు. లెడ్జర్లు రాసిన పాతకాలం మనిషిని కాబట్టి నేనిలా చెప్పాను. నిండిన పుస్తకంలోంచి కొత్త పుస్తకంలోకి బాకీలన్నీ ఎత్తి రాసుకుంటున్నాం అనుకోండి. నేను ముప్పయ్యో పేజీలో ఉన్నప్పుడు ఎవరో వచ్చి నేను దాటేసిన పదో పేజీలో ఒక లైను రాసిపోతే, ఆ లైను పాత పుస్తకంలోనే ఉండిపోతుంది. కొత్త పుస్తకానికి దాని సంగతే తెలీదు. అందుకే ఎత్తి రాసేదాకా ఎవరూ కలం పెట్టకూడదు. అదీ ఒక్కసారిగా కాదు. రైతు కోడ్లు, బ్యాంకు ఖాతా నంబర్లు, కౌంటు వారీ అంటే కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్కన ఉండే సరుకు కోడ్లు ముందే, ఆ వారం మొదట్లో సోమవారం సాయంత్రమే ఆపేస్తారు. కొనుగోళ్ళన్నీ ఆ కోడ్ల మీద వేలాడేవి కాబట్టి కోడ్లు ముందు ఎక్కాలి. కొనుగోలు ఎంట్రీలు చివర్న ఆగుతాయి. పాతదాంట్లో చూసుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, కొత్తగా ఒక్క అంకె కూడా ఎక్కించలేం.

రొయ్యకి మాత్రం నోటీసు చదవడం రాదు. పట్టుబడి పట్టిన రొయ్య ఐసులో ఎంతసేపుంటుంది? వచ్చింది వచ్చినట్టు తూచాల్సిందే, లోపలికి పంపాల్సిందే. అందుకే పేపరు చీటీల పుస్తకం. తూచి, రైతు పేరు, కౌంటు, కిలోలు రాసి పెడితే సోమవారం కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తాం. ఇక్కడిదాకా ఏర్పాటు బాగానే ఉంది.

కొంప ముంచింది "శుక్రవారం రాత్రి 12". మీరే చెప్పండి, శుక్రవారం రాత్రి పన్నెండంటే ఏ రాత్రి? శుక్రవారం పగలంతా పనిచేసి, ఇంటికి పోయి అన్నం తిని పడుకున్న తర్వాత వచ్చే రాత్రి. మనకి తెల్లారితేనే వారం మారేది. నేనూ అదే అనుకుని రాశాను. సాఫ్ట్‌వేర్ కంపెనీ అబ్బాయి నా నోటీసు చూసి తాళం టైము ముందే పెట్టేశాడు. పెట్టింది Friday 12:00 AM. కంప్యూటరుకి శుక్రవారం పుట్టేది ఆ నిమిషానే, అంటే మన లెక్కలో గురువారం రాత్రి. ఒక రోజు ముందే తాళం పడింది.

ఆ గురువారం రాత్రి అల్లూరు రైతు సరుకు వచ్చింది. 40 కౌంటు, 1,240 కిలోలు. కాటా చీటీ బయటికొచ్చేసరికి పన్నెండు దాటి పది నిమిషాలు. మన నెమ్మదస్తుడు ఎంట్రీ కొట్టబోతే స్క్రీను మొరాయించింది. ఇంకో రోజు టైముందని వాడి నమ్మకం. పక్కన సూపర్‌వైజర్ లాగిన్ ఉంటే దాంతో కొట్టి చూశాడు. ఎక్కేసింది! పెద్ద లాగిన్లకి తాళం వేయడం ఆ అబ్బాయి మరిచిపోయాడు. ఇంకా భయం పోక, నోటీసులో "లాక్ అయి ఉన్నచో పేపరు చీటీ" అని ఉంది కదా అని చీటీ నంబరు 1 కూడా రాసి పెట్టాడు. రెండు వైపులా జాగ్రత్త. పన్నెండున్నరకి పాతదాంట్లోంచి కాపీ మొదలైంది. ఆ ఎంట్రీ కూడా బండెక్కి కొత్త సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళిపోయింది.

తెల్లారి సంగతి బయటపడ్డా తాళం తీయలేకపోయాం. తీస్తే కాపీ మళ్ళీ మొదట్నుంచి. దాంతో శుక్రవారం కూడా చీటీలే. ఆదివారం రాత్రి పాతా కొత్తా పక్కపక్కన పెట్టి సరిచూశాం. కొనుగోళ్ళ సంఖ్య సరి, కిలోలు సరి, రూపాయలు సరి. మేనేజరు గారు నా భుజం తట్టారు. సోమవారం చీటీలన్నీ వరసగా ఎక్కించాం, ఒకటో నంబరుతో సహా.

సాయంత్రం నా ఫోను మోగింది. నోటీసు ఫోటో వాట్సాప్‌లో ఊళ్ళన్నీ తిరిగి అల్లూరు కూడా చేరిందన్నమాట. "అబ్బయ్యా, అకౌంట్సాయనేనా? మీ కంపెనీ నించి రెండో మెసేజ్ వచ్చిందబ్బా. మళ్ళా 1,240 కిలోలు, 4,34,000 రూపాయలంట. నేను తోలింది ఒక్కసారే గదా. మీ కాడికొచ్చినాక రొయ్యలు పిల్లలు పెట్టినాయా ఏంది?"

మనిషి మంచోడు కాబట్టి ఫోను చేశాడు. చెయ్యకపోతే? సరిచూడ్డం సరిగ్గానే చేశాం కదా, మరెందుకు దొరకలేదని రాత్రంతా కూర్చున్నాను. చూస్తే, మేం సరిచూసింది కాపీని మాత్రమే. పాతదాంట్లో ఉన్నది కొత్తదాంట్లోకి వచ్చిందా అని. ఆ సరుకు రెండింట్లోనూ ఒక్కసారే ఉంది, లెక్క తప్పెట్లా అవుతుంది? రెండోసారి పుట్టింది ఆ తర్వాత, చీటీలోంచి. చీటీ మీద కాటా నంబరు రాయమని నేను చెప్పలేదు. ఒక లోడుకి కాటా ఒకే నంబరు ఇస్తుంది కాబట్టి, అదొక్కటి రాసి ఉంటే చీటీ ఎక్కించేటప్పుడే ఈ నంబరు ఇంతకుముందే ఉందని తెలిసేది. మర్నాడు చీటీలన్నిటికీ కాటా పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చున్నాం. ఇంకేదీ రెండుసార్లు పడలేదు, నా అదృష్టం.

గోదాములు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారేది వచ్చే నెల. దానికి నోటీసు మళ్ళీ నేనే. ఈసారి ఇలా రాసి పెట్టుకున్నాను: "కంప్యూటర్ మారుతోంది. ఎవరి జీతం, ఓటీ తగ్గవు. పని మామూలే. 14వ తేదీ శుక్రవారం రాత్రి 11.59 వరకు కంప్యూటర్‌లో ఎక్కించవచ్చు. ఆ తర్వాత 17 సోమవారం ఉదయం 6 వరకు ఎవరి లాగిన్‌తోనూ ఎక్కించకూడదు. పాత లెక్కలు చూడవచ్చు. ఆ మధ్య వచ్చిన, పోయిన సరుకుకి చీటీ మాత్రమే రాయాలి, కాటా నంబరు తప్పనిసరి. కంప్యూటర్‌లో ఎక్కినదానికి చీటీ రాయవద్దు. అనుమానం వస్తే పగలు స్టోర్స్ ఇన్‌చార్జిని, రాత్రి షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని అడగాలి." ముందు పెద్దక్క చేత చదివించాను. ఆవిడ ఓటీ లైను రెండుసార్లు చదివి సరేనంది.

నా ఫోను నంబరు రాయలేదు. అయినా పాత ఫోటో ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ రెండో ఎంట్రీ రద్దు చేసిన రోజు రాత్రి తొమ్మిదింటికి అల్లూరు నుంచి మళ్ళీ ఫోను.

"అబ్బయ్యా, ఇంకో మెసేజ్ వచ్చింది. ఈసారి మైనస్ 4,34,000 అని ఉండాది. రొయ్యలకి వేసే మైనస్ నాకేసినారేంది? ఇప్పుడు నేను మీకు బాకీనా?"